మొదటి రౌండు మొనగాడు

డిసెంబరులో తెల్లవారి అయిదున్నరకు నల్గొండ గ్రౌండుకు పోతే, కానిస్టేబుల్ కొలువు కోసం ఉరికే తమ్ముళ్లు కనిపిస్తారు. 2022 నోటిఫికేషన్ ప్రకారం మగవాళ్లు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో ఉరకాలి. నాలుగు రౌండ్లు, రౌండుకు 1:48.

అందులో ఒక మొనగాడు దుప్పట్లోంచి లేచి, చలిలో బండి మీద వచ్చి, దిగిందే తడవు కట్టు తెంపుకున్న కోడెలాగా ఉరుకుతాడు. మొదటి రౌండు 1:20. దోస్తులు విజిల్స్ వేస్తారు. రెండోది 1:50, మూడోది 2:05, నాలుగోది 2:20. మొత్తం 7:35. ఇప్పుడు విజిల్ వేసేది అతని ఛాతీ.

"స్టామినా లేదురా నీకు!" అని తీర్పు. కాదు. స్టామినా లేనివాడి ఆయాసం ఆగగానే తగ్గుముఖం పడుతుంది. ఇతనికి ఆగిన అయిదు, పది నిమిషాలకు దగ్గు, పిల్లికూతలు ఇంకా పెరిగాయి. ఆటలో వచ్చే ఆస్తమా గుర్తు అదే. నోటితో లీటర్ల కొద్దీ చల్లటి పొడిగాలి లాగితే శ్వాసనాళాల తడి ఆరిపోతుంది, చుట్టూ ఉన్న కండరం బిగుసుకుంటుంది. ఖాయం చేసుకోవాలంటే ఉరకక ముందు, ఉరికాక ఊది చూసే పరీక్ష చేయించుకోవాలి. ఊదిన గాలి 10 శాతం, అంతకు మించి పడిపోతే అనుమానం నిజమే.

ఈ తమ్ముడు చేయాల్సింది ముందే కొంచెం ఉరకడం. పది నిమిషాలు మెల్లగా జాగింగ్, ఆ తర్వాత 30 సెకన్లు గట్టిగా, నిమిషం నడక; ఇట్ల ఆరు నుంచి ఎనిమిది సార్లు. ఈ చిన్న దెబ్బ తిన్న నాళాలు చాలామందిలో తర్వాత గంట, రెండు గంటల దాకా అంతగా బిగుసుకోవు. అందరికీ పనిచేయదు, సుమారు సగం మందికే. డాక్టరు నాళాలను వదులు చేసే పీల్చే మందు సాల్బుటమాల్ ఇచ్చి ఉంటే, రన్నింగుకు పదిహేను నిమిషాల ముందు ఆయన చెప్పినన్ని పఫ్‌లు పీల్చాలి; వార్మప్ దానికి బదులు కాదు.

ఇక అసలు ఉరుకు: మొదటి రౌండు 1:50, తర్వాతవి 1:48, 1:48, 1:45. మొత్తం 7:11. విజిల్స్ పడవు, పోనీ. ముక్కూ నోరూ కప్పేలా కండువా చుడితే లోపలికి పోయే గాలి కొంచెం వెచ్చబడి, తడి అందుకుంటుంది. కానీ వడ్ల లారీలు, ట్రాక్టర్లు లేపే సన్నటి దుమ్ము కండువాలోంచి దూరుతుంది. అట్ల దుమ్ము లేచే రోజు రోడ్డు పక్కన ఉరకకపోవడమే మందు. మాట పూర్తి చేయలేనంత ఎగపోత వచ్చినా, పెదాలు నీలమైనా దవాఖానకు పోవాలి.

మన మొనగాడిని దోస్తులు చాయ్ బండికి నడిపించారు. "అల్లం ఎక్కువ దంచి పోస్తున్న, తాగు తమ్మీ" అన్నాడు చాయ్ మామ. ఈ బిగువు చాలావరకు అరగంట, గంటలో తనంతట తానే వదులుతుంది. అంతలో తమ్ముడు రెండు చాయ్‌లు తాగాడు, ఊపిరి నిలకడకు వచ్చింది. మర్నాటి నుంచి బండి మీద సుద్దముక్కతో రాసి ఉంది: "ఆయాసం చాయ్, 20 రూపాయలు".