నాలుగున్నర లక్షల జర్మనీ సీటు మెసేజ్‌కు నా జవాబు

“ఐటీఐ పాసయ్యారా? డిగ్రీ అక్కర్లేదు, జర్మన్ భాష రానక్కర్లేదు, అక్కడే నేర్పిస్తారు! జర్మనీలో ఔస్‌బిల్డుంగ్ సీటు మూడు నెలల్లో గ్యారంటీ. నెలకు 1,200 యూరోల స్టైపెండ్, అంతా మిగులే. పూర్తయితే పీఆర్. ఎలక్ట్రీషియన్, ఫిట్టర్, వెల్డర్ ఎవరైనా సరే. 35 దాటితే కుదరదు. ఫీజు 4.5 లక్షలు మాత్రమే. అందరికీ షేర్ చేయండి.”

ఆటోనగర్ గ్రూపులో వచ్చింది, ఐటీఐ పాత బ్యాచ్ గ్రూపులో వచ్చింది, మా తోడల్లుడు కూడా పంపాడు. పంపినవాళ్లందరికీ విడివిడిగా చెప్పే ఓపిక అయిపోయింది. ఎలక్ట్రికల్ కాంట్రాక్టులు చేసుకునే నా దగ్గర పనిచేసే కుర్రాళ్లు దీన్ని నమ్మి ఇంట్లో అప్పు మాట ఎత్తుతున్నారు కాబట్టి ఒక్కసారే రాస్తున్నాను.

ఔస్‌బిల్డుంగ్ అంటే కంపెనీలో పని నేర్చుకుంటూ బడికీ వెళ్లే జర్మనీ వృత్తి శిక్షణ. ముందు చిన్న విషయాలు. వయసు మాట తప్పు. 35 ఏళ్ల పరిమితి, ఇంకా కంపెనీ దొరక్కుండానే అక్కడికి వెళ్లి వెతుక్కునే వీసాకు మాత్రమే. కంపెనీతో ఒప్పందం చేతిలో ఉన్నవాడికి చట్టంలో అలాంటి గీత లేదు. పీఆర్ మాట మాత్రం, చెప్పక తప్పదు, నిజానికి దగ్గరగానే ఉంది. జర్మనీలోనే శిక్షణ పూర్తి చేసి, ఆ పనిలో రెండేళ్లు ఉద్యోగం చేసి, పెన్షన్ చందా కట్టినవాడు శాశ్వత నివాసానికి దరఖాస్తు పెట్టుకోవచ్చు. పదో తరగతి, ఇంటర్ దగ్గర ఆగిన పంతొమ్మిదేళ్ల కుర్రాడికి ఇంత గౌరవమైన దారి మన దగ్గర చూపించలేను.

స్టైపెండ్ లెక్క చూద్దాం. 1,200 ఇచ్చే కంపెనీలు ఉన్నాయి. కానీ 2026లో మొదలయ్యే శిక్షణకు చట్టం చెప్పే కనీసం మొదటి ఏడాది నెలకు 724 యూరోలే. 1,200 అనుకున్నా ఆరోగ్య బీమా, పెన్షన్ లాంటివాటికి ఇంచుమించు అయిదో వంతు పోయి, చేతికి 950 దాకా వస్తాయి. ఓ మోస్తరు ఊళ్లో గది 400, 450. తిండికి 200 పైన. బస్సు, రైలు నెల టికెట్టు 63. ఫోను, ప్రతి ఇంటికీ తప్పని రేడియో చందా, చలికోటు కలిపితే మిగిలేది వంద, నూటయాభై. 724 వచ్చేవాడైతే ఖర్చుకు సరిపోని తేడాను ముందే బ్లాక్డ్ అకౌంట్‌లో, అంటే నెలకు ఇంతని మాత్రమే తీసుకోగల బ్యాంకు ఖాతాలో వేసి చూపిస్తేగాని వీసా రాదు. ఇంటికి డబ్బు పంపే మాట మూడేళ్ల తర్వాతిది.

ఇక భాష. అన్నిటికన్నా ఎక్కువ చేటు చేసేది ఈ మాటే. ఈ శిక్షణలో వారంలో మూడు, నాలుగు రోజులు కంపెనీలో పని, మిగతా రోజులు ప్రభుత్వ వృత్తి పాఠశాల. పాఠం జర్మన్‌లో, పరీక్ష జర్మన్‌లో. ఏ వారం ఏ పని చేశాడో రాసే నివేదిక పుస్తకం కూడా జర్మన్‌లోనే. అది పూర్తిగా లేకపోతే చివరి పరీక్షకు కూర్చోనివ్వరు. ఎలక్ట్రీషియన్ విషయంలో ఇది ప్రాణాలకు సంబంధించింది. అక్కడ అయిదు భద్రతా నియమాలున్నాయి: సరఫరా పూర్తిగా విడదీయడం, మళ్లీ ఎవరూ ఆన్ చేయకుండా తాళం వేయడం, కరెంటు లేదని పరికరంతో తేల్చుకోవడం, ఎర్త్ చేసి షార్ట్ చేయడం, పక్కన కరెంటున్న భాగాలను కప్పడం. వీటిని వరుస తప్పకుండా జర్మన్‌లో చెప్పాలి. ప్యానెల్ ముందు మేస్త్రీ అరిచింది అర్థం కాని కుర్రాడిని ఏ కంపెనీ ఉంచుకుంటుంది? మొదటి ఒకటి నుంచి నాలుగు నెలలు ప్రొబేషన్. ఆ గడువులో నోటీసు లేకుండానే పంపించేయొచ్చు. తన తప్పు లేకుండా శిక్షణ పోతే ఇంకోటి వెతుక్కోవడానికి ఆరు నెలల దాకా ఇస్తారు. భాష లేనివాడికి ఆ ఆరు నెలల్లో రెండో కంపెనీ ఎలా దొరుకుతుందో ఈ మెసేజ్ రాసినవాడు చెప్పాలి.

వీసాకు మామూలుగా బీ1 స్థాయి, అంటే రోజువారీ విషయాలు సొంతంగా మాట్లాడుకోగలిగే జర్మన్ అడుగుతారు. గోథే సంస్థ పెట్టే పరీక్షలో చదవడం, వినడం, రాయడం, మాట్లాడడం, నాలుగింటిలోనూ వందకు అరవై రావాలి. పని చేసుకుంటూ సున్నా నుంచి ఆ స్థాయికి ఎనిమిది నెలలు, ఏడాది పడుతుంది. శిక్షణలు మొదలయ్యేది ఎక్కువగా ఆగస్టు, సెప్టెంబరులో. కంపెనీలు అంతకు నెలల ముందే ఎంచుకుంటాయి. మూడు నెలల్లో ఇందులో ఏది అవుతుంది?

గ్యారంటీ సంగతి. ‘సీటు’ అనేదే లేదు. ఇంజినీరింగ్ కాలేజీలా అమ్ముకోవడానికి అక్కడ మేనేజ్‌మెంట్ కోటా ఉండదు. కంపెనీ ఇంటర్వ్యూ చేసి ఒప్పందం రాస్తుంది, జీతం అదే ఇస్తుంది, బడికి ఫీజు లేదు. ఆ ఒప్పందాన్ని ఆ ఊరి వాణిజ్య మండలిలోనో చేతివృత్తుల మండలిలోనో నమోదు చేయాలి. మీ చేతికి కాగితం వస్తే అందులో వృత్తి పేరు, మొదలయ్యే తేదీ, ఎన్నేళ్లు, ప్రొబేషన్, జీతం, సెలవులు ఉన్నాయా చూడండి. శిక్షణ బదులు ‘ప్రాక్టికుమ్’, అంటే ఇంటర్న్‌షిప్ అని ఉంటే అది ఔస్‌బిల్డుంగ్ కాదు. అనుమానముంటే కంపెనీ పేరుతో ఆ మండలికి మెయిల్ పెట్టి అడగండి, దానికి డబ్బు కట్టక్కర్లేదు. ఇక ఆ 4.5 లక్షలు: ఉద్యోగానికి పంపే లైసెన్సు ఉన్న ఏజెంటు తీసుకోగల గరిష్ఠ రుసుము 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ. లైసెన్సు ఉందో లేదో emigrate.gov.in లో కనిపిస్తుంది. ‘మాది ఎడ్యుకేషన్ కన్సల్టెన్సీ, ఆ రూల్ మాకు వర్తించదు’ అంటే, కంపెనీ కాంట్రాక్టు మీద డబ్బెందుకు తీసుకుంటున్నారని అడగండి. జర్మన్ క్లాసులకు ఫీజు తీసుకుంటే నాకు అభ్యంతరం లేదు, బాగా చెప్పే మాస్టారికి ఇవ్వాల్సిందే.

మెసేజ్‌లో లేని ముఖ్య విషయం ఇంకోటుంది. నా దగ్గర వైరింగ్ చేసే కుర్రాడికి ఇరవై ఆరేళ్లు, రెండేళ్ల ఎలక్ట్రీషియన్ ఐటీఐ, ఆపైన అయిదేళ్ల పని. వీడు మళ్లీ సున్నా నుంచి మూడున్నరేళ్లు అప్రెంటిస్‌గా ఎందుకు కూర్చోవాలి? వాడి ఐటీఐని జర్మన్ చదువుతో పోల్చి చూడమని అడగవచ్చు. పరిశ్రమల వృత్తులకు న్యూరెంబర్గ్‌లోని ఐహెచ్‌కే ఫోసా అనే కార్యాలయం చూస్తుంది, చేతివృత్తులకు ఆ ప్రాంతపు మండలి. ఫీజు సాధారణంగా 100 నుంచి 600 యూరోలు. ‘పాక్షికంగా సమానం’ అని జవాబొస్తే అది ఓటమి కాదు, ఏమేం తక్కువో అందులో రాసి ఇస్తారు. 2024 మార్చి నుంచి ఇంకో వెసులుబాటు కూడా ఉంది. రెండేళ్ల ప్రభుత్వ గుర్తింపున్న వృత్తి చదువు, బీ1కి ఒక మెట్టు కిందిదైన ఏ2 స్థాయి జర్మన్, ఉద్యోగ ఒప్పందం ఉంటే వెళ్లి పనిచేస్తూనే ఆ గుర్తింపు ప్రక్రియ పూర్తి చేసుకోవచ్చు. ఏడాది కోర్సు చేసిన వెల్డర్‌కు ఈ తలుపు తెరుచుకోదు. ‘ఎవరైనా సరే’ అని రాసినవాడికి ఈ తేడా తెలియదు, లేదా చెప్పదలుచుకోలేదు.

మనవాళ్లు చిక్కుకునేది అనుభవం కాగితం దగ్గర. పోలికలో లోటు కనిపిస్తే అనుభవంతో పూడ్చుకోవచ్చు, కానీ రాతపూర్వకంగా ఉండాలి. మా కుర్రాడి అయిదేళ్లలో మూడేళ్లు రోజుకూలీ లెక్క, ఏ రికార్డూ లేదు. మిగతా రెండేళ్లకు నేనే లెటర్‌హెడ్ మీద రాసిచ్చాను: త్రీఫేజ్ ప్యానెల్ బోర్డులు, మోటారు స్టార్టర్లు, ఎర్తింగ్ టెస్టులు, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా చేశాడో. ‘మంచి పనివాడు’ అని రాస్తే అక్కడ ఎవరూ పట్టించుకోరు, చేసిన పనుల పేర్లే చూస్తారు. విజయవాడ, గుంటూరు కాంట్రాక్టర్లూ, మీ దగ్గర మానేసి వెళ్లే కుర్రాళ్లకు ఆ కాగితం రాసివ్వండి. మా కుర్రాడు ఇప్పుడు సాయంత్రాలు ఏ2 చదువుతున్నాడు. అప్పు చేయలేదు.