గ్యాస్ బండ అమ్మేసి ఊరు మారమంటున్న సందేశానికి జవాబు

"అద్దె ఇళ్లవాళ్లకు గమనిక. ఊరు మారేటప్పుడు గ్యాస్ కనెక్షన్ బదిలీ శుద్ధ దండగ. బండ, రెగ్యులేటర్ ఎవరికైనా అమ్మేసి అక్కడ కొత్త కనెక్షన్ తీసుకోండి. కాకపోతే ఇంటి యజమాని రాసి ఇవ్వాలి, ఆధార్‌లో ఆ ఊరి చిరునామా ఉండాలి. స్టవ్ కూడా ఏజెన్సీలోనే కొనాలి. సబ్సిడీ మీరు ఏజెన్సీలో ఇచ్చిన పాస్‌బుక్ ఖాతాలోనే పడుతుంది. అందరికీ పంపండి."

హైదరాబాద్‌లో ఒక గ్యాస్ ఏజెన్సీ కౌంటర్ వెనక కొన్నేళ్లు కూర్చున్నవాణ్ణి. ఈ సందేశాన్ని నమ్మి వచ్చినవాళ్లను చూశాను కాబట్టి ఒక్కో మాటనే తీసుకుంటాను.

మొదట అమ్మకం సంగతి. ఆ బండ మీది కాదు. అది ఆయిల్ కంపెనీ సొత్తు. మీరు కట్టింది దాని ధర కాదు, తిరిగి వచ్చే డిపాజిట్. కనెక్షన్ తీసుకున్న రోజున ఇచ్చిన సబ్‌స్క్రిప్షన్ వోచర్ ఆ డిపాజిట్‌కు రసీదు. చాలా ఇళ్లలో గ్యాస్ పుస్తకాన్ని భద్రంగా దాచి, ఈ కాగితాన్ని మాత్రం ఎక్కడో పడేస్తారు. డబ్బు విలువ ఉన్నది ఈ కాగితానికే.

విజయవాడ నుంచి బదిలీ మీద వచ్చిన ఒక కుటుంబం కథ చెబుతాను. 2019లో రెండు బండల కనెక్షన్ తీసుకున్నారు. బండకు 1,450 చొప్పున 2,900, రెగ్యులేటర్‌కు 150, మొత్తం 3,050 రూపాయల డిపాజిట్. బయలుదేరే ముందు అవన్నీ పక్కవాటా వాళ్లకు 3,000కు ఇచ్చేసి వచ్చారు. మా దగ్గర కొత్త కనెక్షన్‌కు దరఖాస్తు పెట్టగానే కంప్యూటర్ ఒప్పుకోలేదు. ఒక ఇంటికి ఒకే కనెక్షన్ అన్నది నియమం. భార్యాభర్తలు, పెళ్లికాని పిల్లలు, ఒకే వంటగదిలో తినే పెద్దలు, అందరూ కలిపి ఒక ఇల్లే. ఆధార్ నంబరుతో మూడు కంపెనీల జాబితాలూ సరిచూస్తారు. విజయవాడలో కనెక్షన్ భార్య పేరుతో నడుస్తూనే ఉంది, పైగా పక్కవాటావాళ్లు దానిమీద బండలు తెప్పించుకుంటూ ఉన్నారు! చివరికి భర్త బస్సెక్కి వెళ్లి, 3,000 తిరిగి ఇచ్చి, బండలు తెచ్చి పాత ఏజెన్సీలో అప్పగించి వచ్చారు.

అక్కడే అమ్మకంలోని రెండో చిక్కు కూడా ఉంది. ప్రమాదం జరిగితే ఆస్తి నష్టానికి కంపెనీల బీమా వర్తించేది నమోదైన చిరునామాలో జరిగినప్పుడే. అమ్మేసిన బండ పక్కవాటాలో పేలితే వాళ్లకు ఆ బీమా రాదు. కాగితం మీద పేరు మాత్రం మీదే.

సరైన పద్ధతి ఇంతకన్నా తేలిక. ఊరు దాటి వెళ్తుంటే బండలు, రెగ్యులేటర్, వోచరు, గ్యాస్ పుస్తకం పాత ఏజెన్సీకి పట్టుకెళ్లండి. వాళ్లు టెర్మినేషన్ వోచర్ ఇస్తారు. కౌంటర్ భాషలో దాన్ని టీవీ అంటారు. "టీవీ తెచ్చారా" అని అడిగితే "ఇంకా సామాను దింపలేదండీ" అన్నవాళ్లున్నారు. పాత వోచర్‌లో రాసిన డిపాజిట్ మొత్తం చేతికి వస్తుంది. రెగ్యులేటర్ పోగొట్టుకుంటే దాని ఖరీదు తగ్గించుకుంటారు. వోచరు పోతే రాతపూర్వకంగా ఆ మాట రాయించుకుంటారు, అంతేగాని డబ్బు ఎగ్గొట్టడానికి లేదు. బండలో మిగిలిన గ్యాస్‌కు మాత్రం పైసా రాదు, కాబట్టి దాన్ని వాడేసుకుని అప్పగించండి. స్టవ్, రబ్బరు గొట్టం మీవే, వెంట తీసుకెళ్లవచ్చు.

కొత్త ఊళ్లో టీవీ చూపించి, ఆ రోజు అమల్లో ఉన్న డిపాజిట్ కట్టాలి. 2022 జూన్‌లో ఈ రేట్లు పెరిగాయి. 14.2 కిలోల బండకు 2,200, రెగ్యులేటర్‌కు 250 అయ్యాయి. ఆ లెక్కన ఈ కుటుంబం రెండు బండలకు 4,650 కట్టింది. విజయవాడలో 3,050 చేతికి వచ్చింది కాబట్టి అదనంగా పడింది 1,600. దీన్ని చూసే ఆ సందేశం రాసినవారు దండగ అనుకుని ఉంటారు. కానీ కొత్త కనెక్షన్ తీసుకున్నా కట్టేది ఇదే రేటు, అదీ పాత డిపాజిట్ వదులుకుని. ఉజ్జ్వల కనెక్షన్ అయితే డిపాజిట్ ప్రభుత్వం కట్టింది, అందువల్ల రద్దు చేసుకుంటే మీకు నగదు రాదు.

అదే ఊళ్లో పేట మారితే ఇదంతా అక్కరలేదు. అదే ఏజెన్సీ పరిధి అయితే చిరునామా మార్పించుకుంటే చాలు. ఏజెన్సీ మారితే పాతవాళ్లు ఆన్‌లైన్‌లో బదిలీ పత్రం ఇస్తారు, బండ మీ వంటింట్లోనే ఉంటుంది. ఆ పత్రం మూడు నెలలే చెల్లుతుంది, సామాను సర్దుకున్నాక చూద్దాం అని మరిచిపోకండి.

చిరునామా సంగతికి వస్తే, గుర్తింపు పత్రం ఒకటి, చిరునామా పత్రం ఒకటి అని రెండు విడివిడిగా అడుగుతారు. ఆధార్‌లో సొంతూరి చిరునామా ఉంటే అది గుర్తింపుకు పనికొస్తుంది. చిరునామాకు అద్దె ఒప్పందం ఇవ్వవచ్చు. యజమాని సంతకం అందులో ఎలాగూ ఉంటుంది, మళ్లీ విడిగా అనుమతి లేఖ ఎందుకు? కరెంటు బిల్లు, రేషన్ కార్డు, ఉద్యోగమిచ్చిన సంస్థ ధ్రువపత్రం కూడా చెల్లుతాయి. యజమాని తన వాటాకు కనెక్షన్ తీసుకుని ఉన్నా మీకు అడ్డు కాదు, మీ వంటగది వేరైతే మీ ఇల్లు వేరే. ఏ కాగితమూ లేని ఒంటరి ఉద్యోగికి, విద్యార్థికి అయిదు కిలోల చిన్న బండ ఉంది. గుర్తింపు కార్డు చూపిస్తే చాలు. కాకపోతే సబ్సిడీ ఉండదు.

స్టవ్ ఎక్కడైనా కొనవచ్చు, ఐఎస్ఐ ముద్ర ఉండాలి. ఏజెన్సీలోనే కొనమని పట్టుబడితే ఆ మాట రాసి ఇవ్వమని అడగండి. రాసి ఇచ్చినవాళ్లను నేనింతవరకు చూడలేదు.

చివరిది సబ్సిడీ. ఆధార్ ఇచ్చినవారికి డబ్బు వెళ్లేది ఏజెన్సీలో ఇచ్చిన ఖాతాకు కాదు, ఆధార్‌కు చిట్టచివరగా జతపడిన బ్యాంకు ఖాతాకు. ఒక ఆధార్‌కు ఒకే బ్యాంకు జతపడుతుంది. కొత్త ఉద్యోగంలో జీతం ఖాతా తెరుస్తూ సంతకాలు పెట్టిన కాగితాల్లో అదీ ఒకటైతే, సబ్సిడీ చడీచప్పుడు లేకుండా అటు మళ్లుతుంది. బ్యాంకులో ఆధార్ జిరాక్స్ ఇవ్వడం వేరు, నగదు బదిలీకి జతచేయడం వేరు. కౌంటర్‌కు "సబ్సిడీ రావడం లేదు" అని వచ్చినవారిలో చాలామంది డబ్బు వాళ్లు మరిచిపోయిన ఖాతాలో ఉండేది. ఆధార్ వెబ్‌సైట్‌లో Bank Seeding Status నొక్కితే ఏ బ్యాంకో పేరుతో సహా కనిపిస్తుంది. ఆధార్ ఇవ్వనివారికి మాత్రమే ఏజెన్సీలో ఇచ్చిన ఖాతా, లేదా 17 అంకెల ఎల్పీజీ ఐడీ ఇచ్చి బ్యాంకులో జతచేయించుకున్న ఖాతా లెక్కలోకి వస్తుంది.

అసలు మీకు సబ్సిడీ ఉందా అన్నది ముందు చూసుకోండి. 2020 మధ్య నుంచి మామూలు కనెక్షన్లకు కేంద్రం ఇచ్చేది దాదాపు ఏమీ లేదు. ఉజ్జ్వలవారికి 2023 అక్టోబరు నుంచి బండకు 300 ఇస్తున్నారు. ఆంధ్రప్రదేశ్ దీపం పథకం, తెలంగాణ 500 రూపాయల బండ ఆయా రాష్ట్రాల రేషన్ కార్డులతో ముడిపడ్డవి. విజయవాడ కుటుంబానికి కనెక్షన్ హైదరాబాద్‌కు వచ్చింది, దీపం మాత్రం రాలేదు.