మెయిన్ ప్యానెల్ మీద లేబుల్ ఉంది, సరే. అందులోని అంకె ఏ సెట్టింగ్‌ది?

గచ్చిబౌలి వైపు ఏ ఆఫీసు భవనం సెల్లార్‌లోకి దిగినా ఎల్‌టీ ప్యానెల్ తలుపుల మీద ఆర్క్ ఫ్లాష్, అంటే షార్ట్ అయినప్పుడు గాలిలో లేచే మంట, ఎంత వేడి విసురుతుందో చెప్పే నారింజ రంగు స్టిక్కర్లు ఇప్పుడు కనబడుతున్నాయి. ఆడిట్‌కి అవి సరిపోతాయి. ప్యానెల్ తెరిచే ఎలక్ట్రీషియన్‌కి సరిపోతాయా అన్నదే నా అనుమానం.

ఒక మామూలు భవనాన్నే లెక్క వేసి చూద్దాం. 11 కేవీ సరఫరా, 1600 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్, 433 వోల్టుల మెయిన్ ప్యానెల్, సరఫరా లోపలికొచ్చే చోట దానికి ఇన్‌కమర్‌గా 2500 ఆంపియర్ల ఏసీబీ, అంటే ఎయిర్ సర్క్యూట్ బ్రేకర్. బస్‌బార్ దగ్గర పూర్తి షార్ట్ అయితే దాదాపు 32 కిలో ఆంపియర్లు పారతాయి. గాలిలో ఆర్క్ లేస్తే దానికి సొంత నిరోధం ఉంటుంది కాబట్టి ఐఈఈఈ 1584 (2018) సూత్రం ప్రకారం కరెంటు 21 కిలో ఆంపియర్ల దగ్గరికి దిగుతుంది. బాక్సు లోపల నిలువుగా ఉన్న కడ్డీలకు, 610 మిల్లీమీటర్ల దూరంలో నిలబడ్డ మనిషికి వచ్చిన లెక్క ఇది: ఆర్క్ వెలిగిన ప్రతి 0.1 సెకనుకు చదరపు సెంటీమీటరుకు మూడున్నర కేలరీలు. చర్మం మీద బొబ్బలెక్కే కాలిన గాయానికి 1.2 కేలరీలే చాలు.

అంటే ప్రమాదం ఎంతన్నది తేల్చేది ఆర్క్ ఆరడానికి పట్టే సమయం. ఆ సమయం ఏసీబీని ట్రిప్ చేయించే రిలీజ్ మీది డయల్ చేతిలో ఉంటుంది. షార్ట్ టైమ్ పికప్‌ని, అంటే పెద్ద షార్ట్‌కి రిలీజ్ కదిలే కరెంటుని, 4 రెట్లకు, 10 కిలో ఆంపియర్లకు పెట్టి, 0.3 సెకన్ల ఆలస్యం ఇచ్చారనుకోండి. ఏసీబీ తెరుచుకునే సమయం కూడా కలిపితే 0.35 సెకన్లు. పన్నెండు కేలరీలు పైచిలుకు.

ఇప్పుడు అసలు జరిగేది చూడండి. ఏదో ఫ్లోర్ ఫీడర్‌లో షార్ట్ అయి, కింది బ్రేకర్ ఎంసీసీబీ కన్నా ముందే మెయిన్ పడిపోతుంది. బిల్డింగంతా చీకటి, టెనెంట్ల ఫోన్లు. మర్నాడు ఎవరో పికప్‌ని 8 రెట్లకు తిప్పేస్తారు, అంటే 20 కిలో ఆంపియర్లకు. 21 కదా, ఇంకా ట్రిప్ అవుతుందనిపిస్తుంది. కానీ ఆర్క్ కరెంటు నిలకడగా ఉండదు. అందుకే ఐఈఈఈ పద్ధతి తగ్గించిన విలువతో రెండోసారి లెక్క వేయమంటుంది. ఇక్కడది 19 కిలో ఆంపియర్ల లోపే వస్తుంది. ఆ కరెంటుకు షార్ట్ టైమ్ అసలు కదలదు, ఓవర్‌లోడ్ కోసం ఉండే లాంగ్ టైమ్ పని చేయడానికి చాలా సెకన్లు పడుతుంది. మనిషి తప్పుకోగలిగితే రెండు సెకన్లలోనే తప్పుకుంటాడన్న ఊహతో అక్కడ లెక్క ఆపేసినా అరవై కేలరీలు దాటుతాయి. కరెంటు తగ్గింది, గాయం అయిదింతలైంది. స్టిక్కర్ మీద మాత్రం పన్నెండే ఉంటుంది.

ఇంకో పొరపాటు దీనికన్నా ఎక్కువ చోట్ల కనబడుతుంది. ఈ పన్నెండు కేలరీల లెక్క ఏసీబీ తర్వాతి బస్‌బార్‌ది. ఇన్‌కమర్ క్యూబికల్‌లో ట్రాన్స్‌ఫార్మర్ నుంచి వచ్చే కేబుళ్లో, బస్‌డక్టో ఏసీబీ పై టెర్మినళ్లకు తగులుతాయి. అక్కడ ఆర్క్ లేస్తే ఆ ఏసీబీ ట్రిప్ అయినా ఉపయోగం లేదు, ఆపాల్సింది 11 కేవీ వైపు ఉన్న బ్రేకర్ వీసీబీ. 21 కిలో ఆంపియర్లు ఆ వైపు దాదాపు 830 ఆంపియర్లుగా కనిపిస్తాయి. అక్కడి ఇన్‌స్టంటేనియస్ సెట్టింగ్‌ని ఎల్‌టీ షార్ట్‌కి పడకుండా, దాదాపు 1,260 ఆంపియర్లకు పైనే ఉంచుతారు. కనుక అది కదలదు. 100 ఆంపియర్ల పికప్, 0.25 టైమ్ మల్టిప్లయర్ ఉన్న స్టాండర్డ్ ఇన్వర్స్ రిలేకి 0.8 సెకన్లు పడుతుంది, బ్రేకర్‌తో కలిపి 0.88. ముప్పై ఒక్క కేలరీలు. 1.2 కేలరీల సరిహద్దు నాలుగున్నర మీటర్లు దాటుతుంది. మన సెల్లార్ గదుల్లో చాలావాటికి అది తలుపు బయటే.

ఏడాదికోసారి థర్మోగ్రఫీకి వచ్చే కుర్రాడు లోడ్ మీదే వెనక కవర్ విప్పి కెమెరా పెట్టేది సరిగ్గా ఇక్కడే. ఒంటి మీద పాలిస్టర్ యూనిఫాం, కాలితే చర్మానికి అతుక్కునే రకం. స్టిక్కర్ ముందు తలుపు మీద ఉంది, అతనున్నది వెనక. నన్నడిగితే ఇన్‌కమర్‌కి వేరే లేబుల్ ఉండాలి, లైన్ వైపు అంకెతో, వెనక కవర్ మీద కూడా, తెలుగులోనూ హిందీలోనూ. ఆ కవర్ విప్పాలంటే 11 కేవీ వైపు హెచ్‌టీ షట్‌డౌన్ తీసుకోవాలని దాని మీదే రాయాలి. లైవ్‌లోనే చూడక తప్పదంటే ఇన్‌ఫ్రారెడ్ విండో బిగించుకోవచ్చు.

అంకె తగ్గించాలనుకునే యజమానికి వెలుగును పసిగట్టే ఆర్క్ రిలే మంచి దారి. ఏసీబీనీ, 11 కేవీ వీసీబీనీ రెండింటినీ ట్రిప్ చేసేలా వైరింగ్ ఇస్తే మొత్తం 0.1 సెకను లోపు పని అయిపోతుంది. ఏసీబీకి మాత్రమే ఇస్తే ఇన్‌కమర్ క్యూబికల్‌లో ఆ ఖర్చు దండగే.

ఆర్క్ ఫ్లాష్ స్టడీ రిపోర్టు చేతికొచ్చినప్పుడు నేను ముందు తిప్పే పేజీ సెట్టింగుల పట్టిక. అందులో కేటలాగు విలువలుంటే రిపోర్టు పక్కన పెట్టేయొచ్చు. సైట్‌లో రిలీజ్ ముందు నిలబడి తీసిన డయల్ ఫొటోలుండాలి. అవే పికప్, ఆలస్యం విలువలు, తేదీతో సహా లేబుల్ అడుగున అచ్చవ్వాలి. అప్పుడు డయల్ 8 మీద ఉండి లేబుల్ మీద 4 కనబడితే, ప్యానెల్ ముందు నిలబడ్డవాడికి పని ఆపేందుకు కారణం చేతిలోనే ఉంటుంది.