సీసీలో ఉన్న ఆ ‘మీరు’ ఎవరు?

గత మంగళవారం మా కార్యాలయంలోని సమావేశపు గదిలో ఏసీ రిమోటుకు సెల్లులు అయిపోయాయి. ఈ దుర్ఘటనను లోకానికి ఎరుకపరుస్తూ ఒక సహోద్యోగి పంపిన మెయిల్ ‘మార్కింగ్ యు ఇన్ సీసీ’ అన్న మంగళవాక్యంతో మొదలైంది. ‘టూ’ గడిలో ఉన్నది సెల్లులు తెప్పించవలసిన ఒకే ఒక్క పెద్దమనిషి. సీసీలో మాత్రం 14 మందిమి ఉన్నాము.

ఆ ‘యు’ ఎవరన్న మీమాంస అక్కడే మొదలైంది. మెయిల్ ఎవరిని ఉద్దేశించి రాశామో వారు ‘టూ’లో ఉంటారు, వారికే ‘మిమ్మల్ని సీసీలో పెట్టాను’ అని చెప్పడమంటే, పెళ్లికొడుకును పీటల మీద కూర్చోబెట్టి ‘మీరు కూడా భోజనానికి రండి’ అని శుభలేఖ ఇవ్వడమే. పైగా ఆ ‘మార్కింగ్’ ఒకటి. మన కచేరీలలో ఫైలు ఒకరికి మార్క్ చేయడమంటే దాని మీద పని వారికి అప్పజెప్పడం, సీసీ అంటే కేవలం తెలియడం కోసం. ‘మార్కింగ్ ఇన్ సీసీ’ అన్నవారు, చేయమని చెబుతున్నారో, చూసి ఊరుకోమంటున్నారో వారికే తెలియదు.

ఇక మా 14 మందిలో ముగ్గురు ‘నోటెడ్’ అన్నారు. ఒకాయన, ‘నాకు సంబంధం లేదు, దయచేసి నన్ను తొలగించండి’ అని అందరికీ జవాబు పంపి, తనకు సంబంధం లేదన్న సంగతిని మిగిలిన వారందరికీ సంబంధించిన విషయం చేశారు. అంతలో ఎవరి ఊహకూ అందని చోటి నుంచి విభాగాధిపతి గొంతు వినిపించింది: ‘తెలియజేసినందుకు ధన్యవాదాలు.’ ఆయన పేరు ‘టూ’లోనూ లేదు, సీసీలోనూ లేదు. బీసీసీలో దాక్కున్న మనిషి ‘రిప్లై ఆల్’ నొక్కితే ఆ జవాబు కనబడే చిరునామాలన్నిటికీ వెళుతుందని ఆయనకు ఎవరూ చెప్పలేదు. ఆ క్షణంలో మాకందరికీ అర్థమైనది సెల్లుల సంగతి కాదు, మా మాటలు ఇన్నాళ్లూ ఎవరి చెవిన పడుతున్నాయన్నది.

టైపు మిషను రోజుల్లో ఈ రహస్యానికి కొంత శ్రమ ఉండేది. కాగితాల మధ్య కార్బన్ పెట్టి ఉత్తరం కొట్టేవారు, చివరి నకలు మసకగా వచ్చేది కనుక ఎవరికి పంపాలో ఆలోచించేవారు. బీసీసీ కావాలంటే అసలు కాగితాన్ని బయటికి లాగి, ఆ గుర్తును నకళ్ల మీద మాత్రమే కొట్టేవారు. ఇప్పుడు శ్రమ లేదు, ఆలోచనా లేదు.

సరైన వాక్యానికి పెద్ద పాండిత్యం అక్కరలేదు. ఎవరిని చేర్చామో పేరు, ఎందుకు చేర్చామో కారణం, వారు ఏదైనా చేయాలంటే ఆ పని, అంతే. ‘బిల్లుల వివరాలు లక్ష్మిగారి దగ్గర ఉన్నాయి కనుక వారిని కూడా సీసీలో చేర్చాను’ అని రాయవచ్చు. ఆమెతోనే పని ఉంటే సీసీలో ఉంచి వాక్యంతో పొడవడం ఎందుకు, ‘టూ’లోకి తెచ్చి, ‘లక్ష్మిగారూ, గురువారం లోపు బిల్లు పంపగలరా?’ అని అడగవచ్చు. ఆంగ్లంలోనే రాయక తప్పదంటే ‘ఐ హ్యావ్ కాపీడ్ లక్ష్మి’ అని, వెంటనే కారణం చెబితే చాలు. బీసీసీ గురించి మెయిల్‌లో చెప్పదగిన మర్యాదైన మాట దాదాపు ఒకటే: ‘పరిచయం చేసిన రావుగారికి ధన్యవాదాలు. ఇకపై మన ఉత్తరాలు వారిని విసిగించకుండా ఈసారి వారిని బీసీసీకి మారుస్తున్నాను.’ ఆయనకు ఈ ఒక్కటీ అందుతుంది, తరువాతి జవాబులు అందవు. దాచడం కాదిది, సెలవు ఇవ్వడం.

కానీ ‘మీ మేనేజరుగారిని సీసీలో ఉంచుతున్నాను’ అన్న వాక్యం దగ్గర నాకు వ్యాకరణం గుర్తురాదు. ఉద్యోగంలో చేరి రెండు నెలలైనా కాని అమ్మాయి, ఒక పట్టికలో రెండు అంకెలు తారుమారు చేసింది. పక్క బల్ల దగ్గరికి నడిచి చెప్పవలసిన మాటను, ఆమె పైఅధికారినీ, ఆయన పైఅధికారినీ చేర్చి మెయిల్‌గా పంపారు. దాన్ని సమాచారం అనకండి. అది నలుగురిలో నిలబెట్టి చెవి మెలిపెట్టడం, పిరికితనం కూడా, ఎందుకంటే మెలిపెట్టిన చేయి కనబడదు. ఆ పిల్ల ఆ సాయంత్రం తన తప్పును దిద్దడం మానేసి, సంజాయిషీ మెయిల్‌ను ఆరుసార్లు తిరగరాసింది. అలా రాసినవారికి ఏ మర్యాదైన వాక్యమూ సూచించను, రాయవద్దనే చెబుతాను.

సెల్లులు ఇంకా రాలేదు. శుక్రవారం నేనే వెళ్లి ఆ పెద్దమనిషిని అడిగాను. ఆయన కళ్లజోడు సవరించుకుని, ‘మెయిల్ చూశానండీ, మార్కింగ్ ఇన్ సీసీ అని ఉంటే మనకు సమాచారం కోసమేమో అనుకున్నాను’ అన్నారు.