సవరణ: విజిటింగ్ కార్డు ఇస్తే ఒప్పుకున్నట్టు కాదు

"మీటింగులో కార్డు ఇచ్చారంటే న్యూస్‌లెటర్‌కు ఒప్పుకున్నట్టే, మెయిల్ ఐడీలు ఎక్కించేయండి. వద్దన్నవాళ్ల పేరు డిలీట్ చేస్తే సరి." పోయిన నెల నేను రాసినవే. రెండూ తప్పే.

నల్లగొండలో బత్తాయి రైతుల మీటింగులో వచ్చిన 43 కార్డులనూ అలాగే ఎక్కించాను. మిర్యాలగూడ వైపు నర్సరీ ఆయన ఫోన్ చేసి, "అంట్ల ధర అడుగుతారని కార్డు ఇచ్చిన సార్, వారం వారం మెయిళ్లకు కాదు" అన్నాడు. ఆయన మాటే కరెక్టు. 2023 డేటా రక్షణ చట్టం చెప్పేదీ ఇంతే: ఏ పనికి ఒప్పుకున్నారో ఆ పనికే వాడాలి, వద్దనడం కూడా ఒప్పుకున్నంత సులువుగా ఉండాలి.

ఇప్పుడైతే కార్డు తీసుకున్న రెండు రోజుల్లోపు ఒక్కొక్కరికీ విడిగా ఒకే ఒక్క మెయిల్ పెడుతున్నా. ఎక్కడ కలిశామో, ఏం పంపుతానో, ఎన్నాళ్లకోసారో రాసి, కావాలంటే 'సరే' అని జవాబివ్వమంటున్నా. జవాబు రాకపోతే వద్దన్నట్టే, మళ్లీ అడగను. 'సరే' అన్న తేదీ షీట్‌లో రాసుకుంటా.

ఇక డిలీట్ సంగతి. నర్సరీ ఆయన పేరు తీసేశాను, బాగానే ఉంది. రెండు వారాలకు పాత ఎక్సెల్ షీట్ మళ్లీ అప్‌లోడ్ చేస్తే పేరు తిరిగి ఎక్కింది, మెయిల్ వెళ్లింది. రెండోసారి ఫోన్‌లో ఆయన గొంతు మారింది, తప్పు నాదే మరి. అడ్రస్ పూర్తిగా చెరిపేస్తే, వద్దన్న గుర్తు కూడా పోతుంది. అందుకే అడ్రస్ ఉంచి 'అన్‌సబ్‌స్క్రైబ్' అని గుర్తు పెట్టాలి. కొత్త షీట్ ఎక్కించేముందు ఆ జాబితాతో సరిచూడాలి.