పిల్లులు బడికి వెళ్ళాయి

తెలుగు మాతృభాష కాని ఉద్యోగులకి పెట్టే మధ్యస్థాయి వ్యాకరణ పరీక్ష. అందులో కొన్ని మార్కులు వాక్యంలో తప్పు దిద్దడానికి, కొన్ని చెల్లాచెదురుగా ఇచ్చిన మాటల్ని వరసలో పెట్టడానికి. పేపరు తయారైంది, అచ్చయింది, పరీక్ష కూడా అయిపోయింది. జవాబుపత్రాలు దిద్దే బల్ల దగ్గర అంతా సాఫీగానే సాగుతోంది, ఏడో ప్రశ్న వచ్చేదాకా.

'కింది వాక్యంలో తప్పు సరిదిద్ది రాయండి: పిల్లలు బడికి వెళ్ళాయి.'

మనుషులు బహువచనమైతే క్రియ చివర 'రు', జంతువులూ వస్తువులూ అయితే 'యి'. ఆ తేడా తెలుసో లేదో చూడడానికి పెట్టిన ప్రశ్న ఇది. కీలో 'వెళ్ళారు' అని ఉంది. అందరూ అలాగే రాశారు. ఒకాయన మాత్రం గుండ్రటి చేతిరాతతో, కొట్టివేత ఒక్కటీ లేకుండా ఇలా రాశాడు: 'పిల్లులు బడికి వెళ్ళాయి.'

ఎర్రపెన్ను గాల్లో ఆగింది.

తప్పని కొట్టేద్దామంటే వాక్యంలో తప్పు లేదు. పోనీ ఆయన ఏం మార్చాడని చూస్తే, మార్చిందల్లా ఒక్క కొమ్ము. కీలో ఉన్న దిద్దుబాటు కన్నా ఇదే పొదుపు. పైగా 'పిల్లి'కి 'లు' చేరితే 'పిల్లిలు' కాదు, ఇకారం ఉకారమై 'పిల్లులు' అవుతుంది. బల్లి, బల్లులు, తల్లి, తల్లులు. తెలుగు నేర్చుకునేవాళ్ళు చాలాకాలం తడబడేది సరిగ్గా ఇక్కడే. అంటే 'వెళ్ళారు' అని రాసినవాళ్ళకి ఒక సూత్రం తెలుసని రుజువైతే, ఈయనకి రెండు తెలుసని రుజువైంది. కీ ప్రకారం సున్నా మాత్రం ఈయనకే.

'పిల్లులు బడికెందుకు వెళ్తాయండీ?' అన్నారు బల్లకి ఆ చివర కూర్చున్న మాస్టారు.

'మధ్యాహ్న భోజనం పెట్టే బడికి తప్పకుండా వెళ్తాయి. అందులోనూ గుడ్డు పెట్టే రోజున.'

'చదువుకోడానికి వెళ్ళవుగా.'

'చదువుకోడానికని ప్రశ్నలో లేదుగా.'

ఇది వ్యాకరణ పరీక్షా, లోకజ్ఞాన పరీక్షా అన్న చర్చ రెండో విడత టీ దాకా సాగింది. పిల్లికి అర మార్కు ఇద్దామని ఒకరు రాజీ కుదర్చబోయారు. ఆ అర ఎందుకో, పోయిన అర ఎందుకో ఆయనే చెప్పలేకపోయారు.

నిజానికి పిల్లి చేసిన నేరమేం లేదు. కర్తా క్రియా పొసగలేదంటే తప్పు ఇద్దరిలో ఎవరిదైనా కావచ్చు. 'మా నాన్నగారు ఊరినుంచి వచ్చాడు' అని ఇస్తే ఒకడు 'వచ్చారు' అంటాడు, ఇంకొకడు 'గారు' తీసేసి 'మా నాన్న వచ్చాడు' అంటాడు. రెండూ తెలుగే. 'మేము సినిమాకి వెళ్దాం' అంటే 'మనం వెళ్దాం' సరే, 'మేము వెళ్తాం' కూడా సరే. పొందిక మీద పెట్టే ప్రతి ప్రశ్నకీ రెండు వాకిళ్ళుంటాయి. ప్రశ్న పెట్టేవాళ్ళు మాత్రం తాము వచ్చిన వాకిలి దగ్గరే కాపలా కూర్చుంటారు.

దిద్దాల్సిన మాట కింద గీత గీసి ఇస్తే చాలు, ఈ గొడవలో ముప్పాతిక పోతుంది. లేదా సూచనలోనే 'వేరే మాట వేయకుండా, ఉన్న మాట రూపం మాత్రమే మార్చండి' అని ఒక్క ముక్క రాయాలి. అప్పుడు పిల్లలు పిల్లులవడం కుదరదు. అంతకన్నా మేలు, రెండో వాకిలి లేని తప్పునే ఎంచుకోవడం. 'నేను తెలుగు బాగా వచ్చు' అనే వాక్యం చూడండి. భాష రావడమనే అర్థంలో 'వచ్చు' ఎవరి కోసమూ మారదు. 'నేను తెలుగు బాగా వచ్చాను' అంటే అర్థమే లేదు. వేరే క్రియ వేయకుండా దిద్దాలంటే 'నేను'ని 'నాకు' చేయడం తప్ప దారి లేదు. తెలుగు నేర్చుకునేవాళ్ళు నిజంగా చేసే తప్పు కూడా అదే.

పేపరు మొదటి ప్రతిలో 'మామయ్య నిన్ననే వచ్చిండు' కూడా తప్పు వాక్యంగా ఉంది. ఉద్యోగం వరంగల్లులో, పక్కింటివాళ్ళు మాట్లాడేది ఆ తెలుగు, పరీక్షలో మాత్రం అది తప్పట! అచ్చుకి ముందే తీసేశారు, అదృష్టం. తప్పుగా ఇచ్చే వాక్యం ఏ జిల్లాలోనూ ఎవరూ అననిదై ఉండాలి. 'పిల్లలు వెళ్ళాయి' కనీసం ఆ లెక్కలో నెగ్గింది.

ఇక వరసలో పెట్టే ప్రశ్న. 'అమ్మకి / రవి / తెచ్చాడు / నిన్న / మందులు.' కీలో ఉన్నది 'రవి నిన్న అమ్మకి మందులు తెచ్చాడు.' ఈ నమూనా ఇంగ్లీషు పేపర్లోంచి దిగింది. అక్కడ మాట చోటు మారితే కొట్టినవాడు దెబ్బలు తింటాడు. ఇక్కడ ఆ పని విభక్తులు చూసుకుంటాయి కాబట్టి మాటలు తీరిగ్గా తిరుగుతాయి. క్రియని చివర కట్టేసినా మిగతా నాలుగు మాటలకీ 24 వరసలు. నొక్కు మారుతుందేమో కానీ వ్యాకరణం దేన్నీ కాదనదు.

అందులో ఒకటి మరీ అన్యాయం: 'నిన్న రవి అమ్మకి మందులు తెచ్చాడు.' దీన్ని రవి వాళ్ళమ్మకి ఎవరో మందులు తెచ్చినట్టు కూడా చదువుకోవచ్చు. 'రవి'కి షష్ఠిలో రూపం మారదు మరి. రాముడైతే 'రాముడు అమ్మకి', 'రాముడి అమ్మకి' అని విడివిడిగా కనపడతాయి. ఇలాంటి ప్రశ్నల్లోకి 'డు'తో ముగిసే పేర్లని పిలవడం క్షేమం.

వరసని బిగించాలంటే విశేషణాన్ని వాడుకోవాలి. 'దర్జీ / చొక్కాని / చిరిగిన / కుట్టాడు' అని ఇచ్చి క్రియని చివర ఉంచమంటే ఆరు వరసలు. 'చిరిగిన' అనే మాట వెనక నామం లేకుండా బతకలేదు కాబట్టి, అది క్రియని ఆనుకున్న రెండు వరసలూ పోతాయి. మిగిలిన నాలుగింట్లో రెండు సరైనవి, రెండింట్లో చిరిగింది దర్జీ. 'చిరిగిన చొక్కాని' అని రెండు మాటలూ కలిపి ఒకే ముక్కగా ఇస్తే దర్జీ కూడా క్షేమం, కానీ పరీక్షించడానికి ఏమీ మిగలదు. అందుకే విడిగా ఇచ్చి, దర్జీ ముందున్నదీ చొక్కా ముందున్నదీ రెండూ కీలో రాయాలి. పేపరు పంపేముందు కీ చూపించకుండా ముక్కల్ని పక్క మాస్టార్ల చేతిలో పెట్టి, వాళ్ళకి తోచిన వరసలన్నీ రాయించుకుంటే ఇవన్నీ ముందే తేలతాయి.

కానీ రాయడానికి చోటేదీ? పరీక్షల విభాగంవారి కీ ఫారంలో ప్రశ్నకి ఒక్కటే గడి. రవి మందుల ప్రశ్నకి 24 జవాబులూ విడి కాగితం మీద రాసి జతచేసి పంపితే, ఫారం అలాగే వెనక్కి వచ్చింది. పైన ముద్ర కొట్టి ఉంది: 'వ్యాసరూప సమాధానాలు అనుమతించబడవు.'