సవరణ: ఓబీసీలకు 'సివిల్స్ 35 ఏళ్ల వరకు' అన్న మాట

"నేను ఓబీసీ. 1989 ఆగస్టు 1న పుట్టాను. 35 ఏళ్ల వరకు రాయొచ్చని మీ పోస్టులో ఉంది కదా, 2024 సివిల్స్‌కు నాకు అర్హత ఉన్నట్టేనా?"

లేదండీ, ఒక్క రోజు తేడాతో పోయింది. పాత పోస్టులోని 'వరకు' తీసేసి 'ఆ తేదీకి 35 నిండకూడదు' అని చదువుకోండి. యూపీఎస్సీ వయసు లెక్కగట్టేది అప్లై చేసిన రోజునో, ప్రిలిమ్స్ రోజునో కాదు, పరీక్ష జరిగే ఏడాది ఆగస్టు 1న. 2024కు జనరల్ అభ్యర్థి 1992 ఆగస్టు 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టి ఉండాలి. ఓబీసీకి మూడేళ్ల సడలింపు కాబట్టి 1989 ఆగస్టు 2. ఎస్సీ, ఎస్టీలకు ఐదేళ్లు, అంటే 1987 ఆగస్టు 2. మీకు సరిగ్గా ఆగస్టు 1నే 35 నిండిపోయాయి.

పుట్టినతేదీకి పదో తరగతి మెమోలో ఉన్నదే లెక్క. మున్సిపాలిటీ కాగితం, అఫిడవిట్ చెల్లవు. జాతకం కూడా చెల్లదని నోటిఫికేషన్‌లోనే రాశారు, ఎవరో పంపే ఉంటారు!

ఈడబ్ల్యూఎస్ వాళ్లకు తెలంగాణ రాష్ట్ర ఉద్యోగాల్లో ఐదేళ్ల సడలింపు ఉంది, సివిల్స్‌లో లేదు. అలాగే రాష్ట్రంలో బీసీ అయినంత మాత్రాన సరిపోదు. కులం కేంద్ర ఓబీసీ జాబితాలో ఉండాలి, క్రీమీలేయర్‌లోకి రాకూడదు. అప్పుడే ఆ మూడేళ్లు.